గడువులు, బిల్లులు, డబ్బు రాని నెలలు: ఫ్రీలాన్సర్‌కు ఏ క్యాలెండర్ సరిపోతుంది?

ఒకేసారి ముగ్గురు నలుగురు క్లయింట్లకు పనిచేసే అనువాదకులు, డిజైనర్లు, ఎడిటర్లు, ప్రోగ్రామర్లు క్యాలెండర్ గురించి ఆలోచించినప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్న, గోడ క్యాలెండర్ చాలా లేక ఫోన్లో ఏదైనా పెట్టుకోవాలా అన్నది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ క్యాలెండర్లో ఏమి రాయబోతున్నామో తేల్చుకోవాలి. ఒప్పుకున్న ప్రతి పనికీ నిజానికి నాలుగు తేదీలుంటాయి: పని మొదలుపెట్టాల్సిన రోజు, అప్పగించాల్సిన రోజు, బిల్లు పంపాల్సిన రోజు, డబ్బు ఖాతాలో పడే రోజు. వీటిలో క్లయింటు గుర్తుచేసేది రెండోది ఒక్కటే, కాబట్టి చాలామంది రాసుకునేదీ అదొక్కటే. మిగిలిన మూడింటినీ ఎవరికి వారే చూసుకోవాలి. ఫ్రీలాన్సర్ల ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ మూడింటి దగ్గరే మొదలవుతుంది.

ఈ వ్యాసంలో నాలుగు పద్ధతులను పోల్చాను: కాగితపు క్యాలెండర్ లేదా డైరీ, గూగుల్ క్యాలెండర్, స్ప్రెడ్‌షీట్, ట్రెలో వంటి కార్డుల బోర్డు. ఏది అందంగా ఉంది, ఏది ఉచితం అన్న వాటికంటే ఈ నాలుగు విషయాలు ముఖ్యమని నా అభిప్రాయం.

మొదటిది, పని పట్టే రోజులన్నీ కనిపించడం. గడువు ఒక్క రోజే అయినా దాని వెనుక ఆరు రోజుల పని ఉండవచ్చు. రెండోది, బిల్లు పంపే తేదీ తప్పిపోకుండా చూడడం. మూడోది, రావలసిన డబ్బు వచ్చేదాకా ఆ బాకీ కంటి ముందు నిలవడం. నాలుగోది, ఆదాయం లేని నెల రెండు నెలల ముందే తెలియడం. ఆఖరిదే అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే ఖాళీ నెల వచ్చాక చేయగలిగేది అప్పు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. రెండు నెలల ముందు తెలిస్తే మాత్రం క్లయింటుతో మాట్లాడి షరతులు మార్చుకునే వీలుంటుంది.

ఒక అనువాదకురాలి ఆగస్టు, సెప్టెంబర్ నెలలు

పద్ధతులను గాలిలో పోల్చడం కంటే ఒక ఉదాహరణ మీద పెట్టి చూడడం మంచిది. విజయవాడలో ఉంటూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసే ఒకరిని ఊహించుకుందాం. ఆమెకు ముగ్గురు క్లయింట్లు.

ఒకటి హైదరాబాదులోని ప్రకటనల సంస్థ. 36,000 రూపాయల పనిని ఆమె ఆగస్టు 14న అప్పగించింది. ఆ సంస్థ నియమం ప్రకారం 25వ తేదీలోపు అందిన బిల్లును ఆ నెల లెక్కలో వేసుకుని, నెలాఖరు నుంచి 45 రోజులకు చెల్లిస్తారు. రెండోది ఒక ప్రచురణ సంస్థ. 240 పేజీల పుస్తకానికి 90,000 రూపాయలు మాట్లాడుకున్నారు. అందులో 27,000 అడ్వాన్సుగా జూన్‌లోనే వచ్చింది, చిత్తుప్రతి మొత్తం సెప్టెంబర్ 10న ఇస్తే, సంపాదకులు చదివి సరేనన్న 30 రోజులకు 36,000 వస్తుంది, మిగిలిన 27,000 ప్రూఫులు దిద్దిన తర్వాత. మూడోది ఒక స్వచ్ఛంద సంస్థ. 12,000 పదాల నివేదికను సెప్టెంబర్ 12న ఇవ్వాలి. బిల్లు అందిన 30 రోజులకు 24,000 రూపాయలు ఇస్తారు.

గడువులు మాత్రమే రాసుకుంటే ఈ క్యాలెండర్ ప్రశాంతంగా కనిపిస్తుంది. సెప్టెంబర్ 10న ఒకటి, 12న ఒకటి, అంతే. పని రోజులు లెక్కపెడితే సంగతి వేరు. ఆగస్టు 24 నాటికి పుస్తకంలో ఇంకా 80 పేజీలు మిగిలాయి. రోజుకు ఎనిమిది పేజీల చొప్పున పది రోజులు కావాలి. నివేదికకు రోజుకు 2,000 పదాల చొప్పున ఆరు రోజులు. మొత్తం 16 రోజులు. ఆగస్టు 24 నుంచి సెప్టెంబర్ 12 దాకా, మధ్యలో వచ్చే 30, 6 తేదీల ఆదివారాలు తీసేస్తే, చేతిలో ఉన్నవి 18 రోజులు. ఆగస్టు 31న ప్రకటనల సంస్థ ఫోన్ చేసి "మూడు రోజుల పనే కదా" అంటే ఆ 18 రోజుల్లో 19 రోజుల పని ఇరికించాల్సి వస్తుంది. ఆ ఫోన్ వచ్చిన క్షణంలోనే ఈ లెక్క కళ్ళముందు ఉండాలి. లేకపోతే సరేనని చెప్పేస్తాం, ఆ తర్వాత ఎవరో ఒకరికి గడువు తప్పుతాం.

ఇక డబ్బు సంగతి. ఆగస్టులో బిల్లు పంపితే ప్రకటనల సంస్థ డబ్బు అక్టోబర్ 15న పడుతుంది. స్వచ్ఛంద సంస్థ డబ్బు అక్టోబర్ 12న. ప్రచురణ సంస్థ డబ్బు సంపాదకులు చదివే వేగం మీద ఆధారపడుతుంది, నవంబర్ కంటే ముందు ఆశించలేం. అంటే నెలంతా కష్టపడి పనిచేసే సెప్టెంబర్‌లో ఒక్క రూపాయి కూడా రాదు. అదే నెల 15న ముందస్తు పన్ను రెండో వాయిదా కూడా ఉంది. టీడీఎస్ పోను ఏడాదికి కట్టాల్సిన పన్ను 10,000 లేదా అంతకు మించి ఉండేవారికి జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల 15వ తేదీలు ఈ వాయిదాలకు చివరి రోజులు. (రాబడిలో ఒక నిర్ణీత శాతాన్నే ఆదాయంగా లెక్కవేసే ఊహాత్మక ఆదాయపు పద్ధతి వర్తించే వృత్తులవారికి మార్చి 15న ఒకేసారి కట్టే సౌలభ్యం ఉంది. ఆ జాబితాలో తమ వృత్తి ఉందో లేదో ఆడిటర్‌ను అడిగి తెలుసుకోవడం మేలు.)

ఆగస్టు చివరన ఆమె చేతిలో 50,000 ఉన్నాయనుకుందాం, ఇంటి ఖర్చు నెలకు 35,000. సెప్టెంబర్ గడిచేసరికి పన్ను వాయిదా తీయకముందే మిగిలేది 15,000. అక్టోబర్ మొదటి వారంలో అద్దె, బడి ఫీజు కలిపి 20,000 కావాలి. 12వ తేదీ దాకా డబ్బు లేదు. ఇప్పుడు ఒక్కో పద్ధతి ఈ ఇబ్బందిని ఎప్పుడు, ఎలా చూపిస్తుందో పరిశీలిద్దాం.

కాగితపు క్యాలెండర్, డైరీ

తిథులు, పండుగలు, సెలవులు ముందే అచ్చయి ఉండే మన గోడ క్యాలెండర్‌కు ఒక గొప్ప సుగుణం ఉంది: నెల మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది, ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. పని జరిగే రోజుల మీదుగా రంగు పెన్సిలుతో ఒక గీత గీస్తే, పుస్తకం గీత, నివేదిక గీత ఎక్కడ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో ఏ యాప్ కంటే ముందుగా కంటికి తడుతుంది. ఇంట్లోవారికి కూడా ఆ పది రోజులు ఊరి ప్రయాణాలు పెట్టుకోకూడదని చెప్పకుండానే అర్థమవుతుంది.

అయితే ఈ పని ఆగస్టు పేజీలో ఉంటే దాని డబ్బు అక్టోబర్ పేజీలో ఉంటుంది. ఆ పేజీ తిప్పి అక్కడ రాసే అలవాటు లేకపోతే బాకీ అన్నది ఎక్కడా కనిపించదు. క్లయింటు తేదీ మార్చిన ప్రతిసారీ కొట్టివేతలు పెరిగి, రెండు నెలల్లో ఆ కాగితం ఎవరికీ అర్థం కాకుండా పోతుంది. బిల్లు తేదీని అది గుర్తుచేయదు. కాబట్టి ప్రతి నెలా ఒకే తేదీకి ఒకే మొత్తం ఇచ్చే ఇద్దరు ముగ్గురు పాత క్లయింట్లున్నవారికే ఇది ఒక్కటీ సరిపోతుంది. మన ఉదాహరణలోని అనువాదకురాలికి ఇది గడువుల రద్దీని చూపిస్తుంది కానీ సెప్టెంబర్ ఖాళీని చూపించదు.

గూగుల్ క్యాలెండర్

ఇందులో ఒక్కో క్లయింటుకు ఒక్కో క్యాలెండర్ తెరిచి, ఒక్కో రంగు ఇవ్వవచ్చు. పనిని గడువు రోజున ఒక చుక్కలా కాకుండా, మొదలయ్యే రోజు నుంచి ముగిసే రోజు దాకా పట్టీలా పెట్టడం ఇక్కడ మొదటి నియమం. డబ్బు తేదీలకు విడిగా ఇంకొక క్యాలెండర్, ఇంకొక రంగు ఉంచితే, నెల వీక్షణలో ఆ రంగు ఎక్కడా లేని నెల వెంటనే తెలిసిపోతుంది. ప్రకటనల సంస్థ 25వ తేదీ నియమాన్ని ప్రతి నెలా 22న మోగే గుర్తుగా ఒక్కసారి పెట్టుకుంటే చాలు.

ఆ గుర్తు విలువ ఎంతో తెలియాలంటే ఒక లెక్క చూడండి. ఆగస్టు 14న పూర్తయిన పనికి బిల్లు 25న పంపితే డబ్బు అక్టోబర్ 15న వస్తుంది. 26న పంపితే అది సెప్టెంబర్ లెక్కలోకి పోయి నవంబర్ 14న వస్తుంది. ఒక్క రోజు ఆలస్యానికి డబ్బు 30 రోజులు ఆగిపోతుంది. కొత్త క్లయింటుతో రేటు మాట్లాడేటప్పుడే బిల్లులకు ఈ నెలవారీ గడువు ఏ తేదీన ఉందో వారి అకౌంట్స్ విభాగాన్ని అడిగి తెలుసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. పని ఇచ్చే మనిషికి ఆ సంగతి తెలియకపోవచ్చు.

విదేశీ క్లయింట్లున్నవారికి ఈ క్యాలెండర్ మరొక రకంగా అక్కరకొస్తుంది. న్యూయార్క్ క్లయింటు "శుక్రవారం సాయంత్రం 5 గంటలకు" అంటే అక్కడి వేసవిలో మనకు అది శనివారం తెల్లవారుజామున 2.30. నవంబర్ మొదటి ఆదివారం వారి గడియారాలు మారిన తర్వాత 3.30. గడువును వారి టైమ్ జోన్‌లోనే నమోదు చేస్తే ఈ మార్పును క్యాలెండరే చూసుకుంటుంది.

దీని లోపం కూడా పెద్దదే. క్యాలెండర్లో గడిచిన రోజు వెనక్కి జరిగిపోతుంది. అక్టోబర్ 15న రావలసిన డబ్బు రాకపోతే, 16న తెరిచినప్పుడు ఆ గుర్తు కనిపించే చోట ఉండదు. రాని డబ్బు కూడా వచ్చినట్టే కనుమరుగవుతుంది. అందుకని డబ్బు తేదీని ఈవెంట్‌గా కాక టాస్క్‌గా పెట్టుకోవాలి. పూర్తయినట్టు మనం గుర్తు పెట్టేదాకా టాస్క్ బాకీ జాబితాలోనే నిలుస్తుంది. ఇక మొత్తాలను కూడి, ఖర్చుతో పోల్చి చూపడం దీనివల్ల కాదు. సెప్టెంబర్ ఖాళీ అని చెబుతుంది, అక్టోబర్ మొదటి వారంలో ఎంత తక్కువ పడుతుందో చెప్పదు.

స్ప్రెడ్‌షీట్

పనికి ఒక వరుస చొప్పున క్లయింటు, పని రోజులు, అప్పగించే తేదీ, బిల్లు తేదీ, డబ్బు వచ్చే తేదీ, చేతికి అందే మొత్తం, నిజంగా వచ్చిన తేదీ అన్న గడులు పెడితే చాలు. డబ్బు వచ్చే తేదీని మనం లెక్కపెట్టనవసరం లేదు. బిల్లు తేదీ D2 గడిలో ఉంటే, ప్రకటనల సంస్థ నియమం ఈ ఒక్క సూత్రంలో ఇమిడిపోతుంది:

```
=EOMONTH(D2,IF(DAY(D2)>25,1,0))+45
```

(ఫలితం అంకెగా కనిపిస్తే ఆ గడిని తేదీ రూపంలోకి మార్చాలి.) రెండు తేదీల మధ్య ఆదివారాలు తీసేసిన పని రోజులను ఇది చెబుతుంది, చివరి 11 అన్నది వారానికి ఆదివారం ఒక్కటే సెలవు అన్నదానికి సంకేతం:

```
=NETWORKDAYS.INTL(DATE(2026,8,24),DATE(2026,9,12),11)
```

జవాబు 18. అదే సూత్రానికి పండుగల తేదీల జాబితాను కూడా జతచేయవచ్చు.

మొత్తం రాసేటప్పుడు బిల్లులోని అంకె వేయకూడదు, టీడీఎస్ పోగా అందేది వేయాలి. ఏడాదిలో ఒకే సంస్థ నుంచి వచ్చే వృత్తి రుసుము 50,000 దాటితే సాధారణంగా పది శాతం మినహాయిస్తారు. ఆ ప్రకారం ప్రకటనల సంస్థ 36,000 బిల్లుకు అందేది 32,400. స్వచ్ఛంద సంస్థతో ఏడాది లావాదేవీ ఆ పరిమితి దాటకపోతే 24,000 పూర్తిగా వస్తుంది. మినహాయించింది పన్ను లెక్కలో తిరిగి సర్దుబాటు అవుతుంది, కానీ అక్టోబర్ అద్దెకు అది పనికిరాదు.

ఈ వరుసలను నెలవారీగా కూడితే, సెప్టెంబర్ సున్నా అన్న సంగతీ, అక్టోబర్ మొదటి వారంలో 5,000 తక్కువ పడుతుందన్న సంగతీ ఆగస్టు 14నే తెలుస్తాయి. అప్పుడు ఆమె చేయగలిగిన పని ఒకటుంది. పుస్తకంలో సగం, అంటే 120 పేజీలు, ఆగస్టు 20లోపే పూర్తవుతాయి. చిత్తుప్రతి వాయిదా 36,000లో సగాన్ని, అంటే 18,000ను, ఆ 120 పేజీలకు విడిగా బిల్లు చేసి 15 రోజుల్లో ఇవ్వగలరా అని ప్రచురణ సంస్థను అడగడం. వారు ఒప్పుకుంటే ఆగస్టు 20 బిల్లుకు సెప్టెంబర్ 4న, టీడీఎస్ పోను 16,200 వస్తుంది. అక్టోబర్ మొదటి వారం గడిచాక కూడా, పన్ను వాయిదాను పక్కన పెడితే, 11,200 మిగులుతుంది. ఇదే మాటను సెప్టెంబర్ చివర్లో అడిగి ఉంటే, చిత్తుప్రతి అప్పటికే చేరిపోయి ఉంటుంది కాబట్టి, విడదీయడానికి ఏమీ మిగలదు.

స్ప్రెడ్‌షీట్ మనల్ని పిలవదు. మనమే దాన్ని తెరవాలి. ఫోనులో చిన్న గడులను దిద్దడం కూడా విసుగు పుట్టిస్తుంది. వారానికి ఒకసారైనా కూర్చుని నింపలేనివారికి రెండో నెల నుంచి అందులోని అంకెలు తప్పుగా ఉంటాయి. తప్పు అంకెల మీద నమ్మకం పెట్టుకోవడం ఏ లెక్కా లేకపోవడం కంటే ప్రమాదం.

కార్డుల బోర్డు

ట్రెలో వంటి వాటిలో ప్రతి పని ఒక కార్డు. "ఒప్పుకున్నవి", "చేస్తున్నవి", "ఇచ్చినవి", "బిల్లు పంపినవి", "డబ్బు వచ్చినవి" అన్న వరుసల్లో ఆ కార్డు ఎడమ నుంచి కుడికి జరుగుతూ పోతుంది. బాకీ కంటి ముందు నిలవడం అన్న మూడో విషయంలో దీన్ని మించింది లేదు. "ఇచ్చినవి" వరుసలో కార్డు ఆగిపోయి ఉందంటే బిల్లు పంపలేదని అర్థం; "బిల్లు పంపినవి" వరుస పొడుగవుతోందంటే బాకీలు పేరుకుంటున్నాయని అర్థం. చిన్న చిన్న పనులు నెలకు పదిహేను, ఇరవై చేసే డిజైనర్లకు, సబ్‌టైటిల్స్ చేసేవారికి ఇది చాలా నప్పుతుంది, ఎందుకంటే వారి నష్టం ఎక్కువగా బిల్లు వేయడం మరిచిపోయిన చిన్న పనుల్లోనే ఉంటుంది. అయితే కార్డుకు గడువు తేదీ ఒక్కటే ఉంటుంది. పని అప్పగించాక దాన్ని డబ్బు తేదీగా మార్చాలి. రోజుల రద్దీ, నెలల ఖాళీ ఇందులో కంటికి ఆనవు.

| చూడాల్సింది | కాగితం | గూగుల్ క్యాలెండర్ | స్ప్రెడ్‌షీట్ | కార్డుల బోర్డు |
|---|---|---|---|---|
| పని రోజుల రద్దీ | చాలా బాగా | బాగా, పట్టీలుగా పెడితే | అంకెగా మాత్రమే | కనిపించదు |
| బిల్లు తేదీ | గుర్తుచేయదు | చాలా బాగా | గుర్తుచేయదు | బిల్లు వేయనివి తెలుస్తాయి |
| రాని బాకీ | పేజీ తిప్పితే పోతుంది | టాస్క్‌గా పెడితేనే | బాగా | చాలా బాగా |
| ఖాళీ నెల | కనిపించదు | ఖాళీ తెలుస్తుంది, మొత్తం తెలియదు | చాలా బాగా | కనిపించదు |

ఎవరికి ఏది

పెద్ద పనులు కొన్నే ఉండి, ఒక్కోదానికీ ఒక్కో చెల్లింపు షరతు ఉన్నవారికి, అంటే మన అనువాదకురాలి వంటివారికి, గూగుల్ క్యాలెండర్, స్ప్రెడ్‌షీట్ రెండూ కలిపి వాడమని నా సలహా. గడువులు, బిల్లు గుర్తులు మొదటిదాంట్లో, డబ్బు రెండోదాంట్లో. ఒకే సమాచారాన్ని రెండు చోట్లా రాయడం మొదలుపెడితే రెండూ పాడవుతాయి కాబట్టి ఈ విభజనను కచ్చితంగా పాటించాలి. చిన్న పనులు చాలా ఉన్నవారు స్ప్రెడ్‌షీట్ స్థానంలో బోర్డును పెట్టుకోవచ్చు. నెలనెలా స్థిరమైన మొత్తం ఇచ్చే క్లయింటు ఒకరుండి, మిగిలినవి అప్పుడప్పుడూ వచ్చేవారికి గోడ క్యాలెండర్‌తో పాటు ఫోనులో నెలకు ఒక బిల్లు గుర్తు సరిపోతుంది. వారు అంతకంటే పెద్ద ఏర్పాటు చేసుకోనవసరం లేదు.

ఉద్యోగం మాని ఇప్పుడే ఫ్రీలాన్స్‌లోకి వచ్చినవారు మాత్రం మొదటి ఆరు నెలలు స్ప్రెడ్‌షీట్‌తోనే మొదలుపెట్టాలి. ఏ క్లయింటు చెప్పిన తేదీకి ఇస్తాడు, ఎవరు మూడు వారాలు ఆలస్యం చేస్తారు అన్నది "నిజంగా వచ్చిన తేదీ" అనే గడి నుంచే తెలుస్తుంది. నాలుగైదు బిల్లుల తర్వాత ఆ క్లయింటుకు ఒప్పందంలోని రోజులకు బదులు వారి అలవాటు రోజులనే సూత్రంలో వేసుకోవాలి.

ఆ గడి మరొక పనికి కూడా ఉపయోగపడుతుంది. చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకున్న సూక్ష్మ, చిన్న సంస్థలకు, ఒంటరిగా సేవలందించే వృత్తిదారులతో సహా, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఒక రక్షణ ఇస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే పనిని అంగీకరించిన రోజు నుంచి గరిష్ఠంగా 45 రోజులు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ వర్తిస్తుంది. దీనికి తోడు, గడువు దాటిన అటువంటి బాకీని నిజంగా చెల్లించేదాకా కొనుగోలుదారు తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదన్న నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన ప్రకటనల సంస్థ పద్ధతిలో ఆగస్టు 14 పనికి అక్టోబర్ 15న చెల్లిస్తే అది 62 రోజులు. చట్టం ప్రకారం సెప్టెంబర్ 28 దాటకూడదు. దీన్ని బెదిరింపుగా వాడితే క్లయింటు పోవచ్చు. కానీ తర్వాతి ఒప్పందం రాసుకునేటప్పుడు ఉద్యమ్ నంబరును బిల్లు మీద వేసి, "నెలాఖరు నుంచి 45 రోజులు" అన్న మాటను "అప్పగించిన రోజు నుంచి 45 రోజులు" అని మార్చమని అడిగితే వారి అకౌంట్స్ విభాగానికి కారణం వివరించాల్సిన పని పెద్దగా ఉండదు. ఆ ఒక్క మార్పుతో ప్రకటనల సంస్థ డబ్బు సెప్టెంబర్ వరుసలోకి వస్తుంది.